ఫీజు కట్టేసిన అమ్మాయి పేరు లిస్టులో ఎందుకొచ్చింది?

ప్రతి సోమవారం ఉదయం ఫీజు బకాయిల లిస్టు దానంతట అదే మెయిల్‌కి వచ్చేలా ఒక స్కూల్‌కి చేసిపెట్టాను. మొదటి లిస్టు వెళ్ళిన రోజే ప్రిన్సిపల్ మేడమ్ పిలిపించారు. టేబుల్ మీద ప్రింటు తీసిన కాగితం ఉంది, అందులో రెండుచోట్ల ఎర్ర పెన్నుతో గీతలు.

"ఈ ఏడో తరగతి అమ్మాయి రెండు టర్మ్‌లూ పూర్తిగా కట్టేసింది. రశీదులు నేనే చూశాను. మీ లిస్టులో 24,000 బకాయి అని ఉంది. తొమ్మిదో తరగతిలో ఒకబ్బాయి ఈ ఏడాది ఒక్కసారి కూడా కట్టలేదు, వాడి పేరు అసలు లేదు. కంప్యూటర్ లెక్క తప్పుతుందా?"

కంప్యూటర్ తప్పలేదు, నేను తప్పాను. రెండు తప్పులూ నేను కంప్యూటర్‌కి రాసిన ఒకే వాక్యంలో ఉన్నాయి. అవి ఎక్కడ జరిగాయో చెప్పాలంటే లిస్టు ఎలా తయారవుతుందో చెప్పాలి. ఆ రోజు మేడమ్‌కి కాగితం మీద గీసి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది అనుకునేదేమిటంటే, కంప్యూటర్‌లో ప్రతి విద్యార్థి పేరు పక్కన "బకాయి" అని ఒక గడి ఉంటుంది, వారానికోసారి ఆ గడులన్నీ తీసి మెయిల్‌లో పెడతారని. అలాంటి గడి ఉండదు, ఉండకూడదు కూడా. ఉంటే డబ్బు కట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని సరిచేయాలి. ఒక్కసారి మరిచిపోతే ఇక ఆ అంకె ఎప్పటికీ తప్పే, ఎప్పుడు తప్పిందో కూడా తెలియదు. అందుకే కంప్యూటర్‌లో జరిగిన సంగతులను మాత్రమే రాసి ఉంచుతాం. ఫలానా పిల్ల ఫలానా తేదీలోగా ఇంత కట్టాలి అన్నది ఒక సంగతి, దాన్ని ఫీజు లెక్కల్లో డిమాండ్ అంటారు. ఫలానా రోజు ఇంత కట్టారు అన్నది ఇంకో సంగతి, అది రశీదు. ఫీజులో ఇంత తగ్గించాం అన్నది రాయితీ. ఈ మూడూ మూడు వేర్వేరు పట్టికల్లో ఉంటాయి. మూడింటినీ కలిపేది అడ్మిషన్ నంబర్ ఒక్కటే.

బకాయి అనేది ఆ మూడింటిలోంచి ప్రతి వారం కొత్తగా లెక్కగట్టి తీసే అంకె. దానికి ఎప్పుడూ ఒక తేదీ తోకలా వెంట ఉంటుంది: "ఆదివారం రాత్రికి" ఇంత బకాయి. తేదీ లేని బకాయి అంకెకు అర్థం లేదు. మూడో టర్మ్ ఫీజు కూడా పిల్లల పేరు మీద ముందే రాసి ఉంటుంది కాబట్టి, గడువు రానిదాన్ని కలిపేస్తే స్కూలంతా బాకీదార్లే అవుతారు. అందుకని లెక్కలో మొదటి షరతు ఇది: గడువు తేదీ దాటిన డిమాండ్లు మాత్రమే.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమెకు గడువు దాటిన డిమాండ్లు రెండు, ఒక్కోటి 12,000. మొత్తం 24,000. వాళ్ళ నాన్న వీలు చూసుకుని మూడుసార్లుగా కట్టారు: 10,000, 8,000, 6,000. అదీ 24,000. బకాయి సున్నా. చిన్నపిల్లలు చేసే లెక్క.

నేను చేసిన పని ఏమిటంటే, డిమాండ్ల పట్టికనూ రశీదుల పట్టికనూ అడ్మిషన్ నంబర్ మీద నేరుగా కలిపేశాను. కలపమంటే కంప్యూటర్ ఏం చేస్తుందో చూడండి. ఇది మొదటి టర్మ్ డబ్బు, అది రెండో టర్మ్ డబ్బు అని దానికి తెలియదు. ఆ నంబర్ ఉన్న ప్రతి డిమాండ్ పక్కనా ఆ నంబర్ ఉన్న ప్రతి రశీదునూ నిలబెడుతుంది. రెండు డిమాండ్లు, మూడు రశీదులు, మొత్తం ఆరు వరుసలు:

```
demand   receipt
12000    10000
12000     8000
12000     6000
12000    10000
12000     8000
12000     6000
```

ఎడమ వరుస కూడితే 72,000. కుడి వరుస కూడితే 48,000. తేడా 24,000. మేడమ్ ఎర్ర పెన్నుతో గీసిన అంకె ఇదే. ప్రతి డిమాండూ మూడుసార్లు లెక్కలోకి వచ్చింది, ప్రతి రశీదూ రెండుసార్లు వచ్చింది.

"మరి మిగతావాళ్ళకి సరిగ్గానే వచ్చిందే?" అన్నారు మేడమ్. అసలు మెలిక అక్కడే ఉంది. చాలామంది తల్లిదండ్రులు టర్మ్‌కి ఒక్కసారే మొత్తం కట్టేస్తారు. రెండు డిమాండ్లు, రెండు రశీదులు. అప్పుడు నాలుగు వరుసలు వస్తాయి, డిమాండూ రెట్టింపు, కట్టిందీ రెట్టింపు, తేడా మాత్రం సున్నాయే. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేను పంపేముందు పరీక్షించి చూసిన పదిమందీ అలాంటివాళ్ళే, అందుకే దొరకలేదు. విడతలవారీగా కట్టినవాళ్ళ దగ్గర మాత్రమే ఇది బయటపడుతుంది. అంటే కష్టపడి కొంచెం కొంచెంగా కట్టేవాళ్ళనే ఈ తప్పు బాకీదార్లుగా చూపిస్తుంది. ఆ మాట మేడమ్‌కి చెప్పడానికి నాకు కాస్త సిగ్గేసింది.

దీనికి తిరగేసిన రూపం ఇంకా ప్రమాదం. ఒకరు 24,000 కట్టాల్సిన చోట ఒకే రశీదు మీద 15,000 కట్టారనుకోండి. నిజమైన బకాయి 9,000. కలిపినప్పుడు రెండు వరుసలే వస్తాయి. డిమాండ్ 24,000గానే ఉంటుంది, కట్టింది మాత్రం 15,000 రెండుసార్లు కూడి 30,000 అవుతుంది. బకాయి పోయి 6,000 అడ్వాన్స్ అని తేలుతుంది. పేరు లిస్టులోంచి మాయం. కట్టినవాళ్ళ పేరు వస్తే వాళ్ళు వచ్చి అడుగుతారు, కట్టనివాళ్ళ పేరు రాకపోతే ఎవరూ వచ్చి చెప్పరు. లిస్టులో తప్పులు వెతికేటప్పుడు ఉన్న పేర్లకంటే లేని పేర్లను ఎక్కువ అనుమానించాలని నేననేది అందుకే.

తొమ్మిదో తరగతి అబ్బాయి అలా లేని పేరే, కాకపోతే కారణం వేరు. మామూలుగా రెండు పట్టికలను కలిపినప్పుడు రెండింటిలోనూ ఉన్న నంబర్లే ఫలితంలోకి వస్తాయి. ఆ అబ్బాయికి డిమాండ్లు ఉన్నాయి గానీ రశీదు ఒక్కటీ లేదు. కాబట్టి లెక్క అతన్ని పక్కన పడేసింది. పూర్తిగా కట్టిన అమ్మాయి లిస్టులో ఉంది, ఏమీ కట్టనివాడు లేడు. బకాయిల లిస్టు అనేదానికి ఇంతకంటే అవమానం లేదు.

దీన్ని సరిచేయడానికి వేరే రకంగా కలపాలి: డిమాండ్ ఉన్న ప్రతివాళ్ళనూ ఉంచు, రశీదు దొరికితే పక్కన పెట్టు, దొరక్కపోతే ఖాళీగా వదులు అని చెప్పాలి. ప్రోగ్రామర్లు దీన్ని లెఫ్ట్ జాయిన్ అంటారు. అయితే ఇక్కడ ఇంకో గుంట ఉంది. కంప్యూటర్‌కి ఖాళీ అంటే సున్నా కాదు, "తెలియదు" అని అర్థం. 24,000లోంచి తెలియనిది తీసేస్తే వచ్చేదీ తెలియనిదే. తెలియనిది సున్నా కంటే ఎక్కువా అని అడిగితే అవునని చెప్పదు. అంటే అబ్బాయి మళ్ళీ లిస్టులోంచి జారిపోతాడు. ఖాళీని సున్నాగా తీసుకోమని మనం విడిగా చెప్పాలి.

ఇవన్నీ సరిచేశాక అసలు లెక్క ఇలా తేలింది. మేడమ్‌కి కూడా చూపించాను, ఎందుకంటే ఇది చదవలేనంత కష్టమైనదేమీ కాదు:

```sql
WITH d AS (
  SELECT student_id, SUM(amount) AS demand
  FROM demands
  WHERE due_date <= :as_on
  GROUP BY student_id
), p AS (
  SELECT student_id, SUM(amount) AS paid
  FROM receipts
  WHERE receipt_date <= :as_on
  GROUP BY student_id
)
SELECT d.student_id,
       d.demand - COALESCE(p.paid, 0) AS due
FROM d
LEFT JOIN p ON p.student_id = d.student_id;
```

మొదటి ముక్క, అంటే `d`, ఒక్కో విద్యార్థి డిమాండ్లన్నీ ముందే కూడి ఒక్క వరుసగా చేస్తుంది. రెండో ముక్క `p` రశీదులకు అదే పని చేస్తుంది. కలిపేది ఆ తర్వాతే. ఒక్కొక్కరికి అటు ఒకటి, ఇటు ఒకటే వరుస ఉంటుంది కాబట్టి ఆరు వరుసల గొడవ పుట్టదు. `student_id` అన్నది అడ్మిషన్ నంబర్. `COALESCE` అన్నది ఖాళీని సున్నా చేసే మాట. `:as_on` అన్నది నేను చెప్పిన తేదీ తోక. రాయితీలను కూడా ఇలాగే విడిగా కూడి, తర్వాత తీసేయాలి. ఇక్కడ చోటు కోసం వదిలేశాను.

ఈ లెక్కలో పైకి కనిపించనివి కొన్ని ఉన్నాయి. అవి ప్రోగ్రామర్ తేల్చేవి కావు, ప్రిన్సిపల్ తేల్చాల్సినవి. ఉదాహరణకు చెక్కు. చెక్కు ఇచ్చిన రోజే కట్టినట్టా, బ్యాంకులో క్లియర్ అయ్యాకే కట్టినట్టా? మేడమ్ ఇచ్చిన రోజే కట్టినట్టు లెక్క వేయమన్నారు. సరే, రేపు అది బౌన్స్ అయితే? మా ఇద్దరి మధ్య ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. బౌన్స్ అయిన రశీదును కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు ఆఫీసులో. నేను వద్దన్నాను. కొట్టేస్తే పోయిన వారం ఇచ్చిన లిస్టు ఈ వారం మళ్ళీ తీస్తే వేరే అంకె వస్తుంది, ఎందుకు మారిందో చెప్పడానికి ఆనవాలు కూడా ఉండదు. దానికి బదులు బౌన్స్ అయిన తేదీతో అదే మొత్తాన్ని మైనస్‌లో ఇంకో పద్దుగా వేయాలి. 12,000 వచ్చింది, తర్వాత 12,000 పోయింది. రెండూ జరిగాయి కాబట్టి రెండూ పుస్తకంలో ఉంటాయి.

టీసీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లలూ అలాంటి చిక్కే. వాళ్ళ పేరు మీద మిగిలిన డిమాండ్లను ఎవరూ రద్దు చేయకపోతే ఏడాది పొడుగునా ప్రతి వారం వస్తూనే ఉంటారు. అలాగని వెళ్ళినవాళ్ళందరినీ లెక్కలోంచి తీసేయమంటే, నిజంగా బాకీ పెట్టి వెళ్ళినవాళ్ళూ కనబడకుండా పోతారు. వాళ్ళను అదే మెయిల్‌లో విడిగా, అడుగున పెట్టాం.

అడ్వాన్సుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మూడో టర్మ్ కూడా ముందే కట్టేసినవాళ్ళకి బకాయి మైనస్‌లో వస్తుంది. వీటిని బకాయిలతో కలిపి ఒకే మొత్తం చూపిస్తే, ఒకరు ముందుగా కట్టిన డబ్బు ఇంకొకరి బాకీని కప్పేస్తుంది. అందుకని సున్నా కంటే ఎక్కువ ఉన్నవాళ్ళు ఒక లిస్టు, తక్కువ ఉన్నవాళ్ళు ఇంకో లిస్టు. రెండో లిస్టు ఎవరికి కావాలి అని మేడమ్ అడిగారు. నా దృష్టిలో తప్పులు పట్టుకోవడానికి అదే మంచి చోటు. అన్నాచెల్లెళ్ళు ఒకే స్కూల్లో చదువుతుంటారు, నాన్న వచ్చి ఇద్దరికీ కలిపి 24,000 కడతాడు, కౌంటర్‌లో హడావిడిగా మొత్తం అన్న నంబర్ మీద వేసేస్తారు. అప్పుడు అన్నకి 12,000 అడ్వాన్స్, చెల్లికి 12,000 బకాయి. ఒక లిస్టులో ఎంత బకాయి ఉందో అంతే మొత్తం ఇంకో లిస్టులో అదే ఇంటివాళ్ళ దగ్గర అడ్వాన్స్‌గా కనబడిందంటే, ఫోన్ చేయాల్సింది ఆ నాన్నకి కాదు, మన కౌంటర్‌కి.

ఇక లెక్క సరిగ్గా ఉందని ఎలా నమ్మాలి? ఒక్కొక్క పేరూ రశీదు పుస్తకంతో సరిచూడటం ప్రతి వారం అయ్యే పని కాదు. దానికి లెక్కల మనుషులు ఏనాటి నుంచో వాడే పద్ధతి ఉంది, అదే మెయిల్ అడుగున పెట్టాను. పోయిన వారం మిగిలింది, దానికి ఈ వారం కొత్తగా గడువు దాటినవి కలుపు, ఇచ్చిన రాయితీలు తీసెయ్, వసూలైనవి తీసెయ్. వచ్చినది ఈ వారం మిగులుతో సమానం కావాలి. ఇక్కడ మిగులు అంటే బకాయిల మొత్తంలోంచి అడ్వాన్సుల మొత్తం తీసేసినది.

ఒక వారం ఏమైందో చెబుతాను. పోయిన వారం మిగులు 4,80,000. కొత్తగా గడువు దాటినవి 36,000. రాయితీలు 10,000. వసూళ్ళు 95,000. లెక్క ప్రకారం 4,11,000 ఉండాలి. కొత్త లిస్టు మాత్రం 3,99,000 అంటోంది. తేడా 12,000. ఈసారి జాయిన్‌లో తప్పు లేదు. వెతికితే తేలిందేమిటంటే, అంతకు ముందటి శనివారం సాయంత్రం ఎవరో 12,000 నగదు కట్టారు. కాగితం రశీదు ఇచ్చారు, కంప్యూటర్‌లో ఎక్కించడం మరిచారు. బుధవారం గుర్తొచ్చి, శనివారం తేదీ వేసి ఎక్కించారు. తేదీ నిజమైనదే, తప్పేమీ చేయలేదు. కానీ పోయిన వారం లిస్టు తయారైనప్పుడు ఆ రశీదు లేదు. ఈ వారం వసూళ్ళలోనూ లేదు, ఎందుకంటే తేదీ పాతది. రెండు వారాల సందులో పడిపోయింది.

దీని కోసం రెండు పనులు చేశాం. ప్రతి రశీదుకూ కట్టిన తేదీతో పాటు కంప్యూటర్‌లో ఎక్కించిన సమయం కూడా దానంతట అదే నమోదయ్యేలా పెట్టాం. పాత తేదీతో ఈ వారం ఎక్కినవి ఏమైనా ఉంటే మెయిల్‌లో వేరే వరుసగా కనబడతాయి, తేడా ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. రెండోది, ప్రతి వారం పంపిన లిస్టును పంపినట్టే ఒక కాపీ దాచడం. పోయిన వారం మిగులు 4,80,000 అన్నది ఆ కాపీలోంచి తీసుకోవాలి. ఈ రోజు కూర్చుని పోయిన వారం తేదీతో మళ్ళీ లెక్కేస్తే 4,68,000 వస్తుంది, తేడా సున్నా అవుతుంది, అంతా బాగుందనిపిస్తుంది. సరిచూడటం అనే పేరుతో తప్పును కప్పిపెట్టినట్టు.

సోమవారం దానంతట అదే రావడం అన్నది ఈ మొత్తంలో అన్నిటికంటే చిన్న పని. సర్వర్‌లో క్రాన్ అని ఒక అలారం లాంటిది ఉంటుంది, దానికి ఒక్క వరుస రాస్తే చాలు:

```
30 6 * * 1  /opt/fees/weekly_dues.sh
```

ఆరున్నర, ఏ తేదీ అయినా, ఏ నెల అయినా, సోమవారం. అంతే. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. సర్వర్ గడియారం మన గోడ గడియారంతో కలవకపోవచ్చు, అప్పుడు ఉదయం రావాల్సిన మెయిల్ ఇంకెప్పుడో వస్తుంది. ఇంకోటి, ఆఫీసు కంప్యూటర్‌లోనే పెడదాం, సర్వర్ ఎందుకు అంటారు కొందరు. ఆదివారం ఎవరో స్విచ్ ఆపి వెళ్తే సోమవారం ఆరున్నరకు ఆ అలారం మోగదు. తొమ్మిదికి ఆన్ చేసినా, తప్పిపోయిన పనిని మామూలు క్రాన్ వెనక్కి వెళ్ళి చేయదు.

దీని నుంచి వచ్చే అసలు సమస్య నిశ్శబ్దం. ఒక సోమవారం మెయిల్ రాలేదు. బకాయిలు లేక రాలేదా, లెక్క ఆగిపోయి రాలేదా? మనుషులు సహజంగా మొదటిదే అనుకుంటారు, లేదా ఆ రోజు పనుల్లో పడి రాలేదన్న సంగతే గమనించరు. అందుకని బకాయి ఒక్కటీ లేకపోయినా మెయిల్ వచ్చి తీరాలి, "ఈ వారం బకాయిలు లేవు, ఇంతమంది విద్యార్థుల లెక్క చూశాం" అని. ఎంతమందిని చూశామన్న అంకె ముఖ్యం. స్కూల్లో 640 మంది ఉంటే అక్కడ 212 అని కనబడిందంటే పట్టికలో సగం కూడా చదవకుండానే ఆగిపోయిందని అర్థం. ఇది కాక, చివరి లిస్టు వెళ్ళి ఎనిమిది రోజులు దాటితే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా వేరే మెషీన్ మీద ఇంకో చిన్న కాపలా పెట్టాను. అదే మెషీన్ మీద పెడితే రెండూ కలిసి పడుకుంటాయి.

ఇంతా విన్నాక మేడమ్ ఒకటి అడిగారు: "అయితే ఈ లిస్టు నుంచే తల్లిదండ్రులకి నేరుగా మెసేజ్‌లు వెళ్ళేలా చేయొచ్చు కదా?"

చేయొచ్చు, పది నిమిషాల పని. నేను చేయనన్నాను. మొదటి వారమే అలా పెట్టి ఉంటే, మూడు విడతలుగా పైసాతో సహా కట్టిన ఆ నాన్నకి "మీరు 24,000 బాకీ ఉన్నారు" అని సోమవారం పొద్దున్నే మెసేజ్ వెళ్ళేది. అందుకే ఇప్పుడు లిస్టు మేడమ్‌కీ అకౌంటెంట్ గారికీ మాత్రమే వెళ్తుంది, క్లాస్ టీచర్లకి కూడా కాదు. అకౌంటెంట్ గారు ముందు అడుగున ఉన్న తేడా వరుస చూస్తారు. అక్కడ సున్నా లేకపోతే ఆ రోజు ఎవరికీ ఫోన్ చేయరు, నాకు చేస్తారు. సున్నా ఉంటే అడ్వాన్సుల లిస్టును పక్కన పెట్టుకుని అన్నదమ్ముల నంబర్లు చూసుకుంటారు, ఆ తర్వాతే ఫోన్ చేయాల్సిన పేర్లకి టిక్కు పెడతారు. దీనికి వారానికి ఇరవై నిమిషాలు పడుతోందట.